పిరుదుకు సూది: ముందు ఎముకలు వెతకండి, తర్వాత సిరంజి పట్టండి

పిరుదుకు సూది ఎక్కడ వేయాలని అడిగితే నర్సింగ్ మొదటి సంవత్సరం చదివే అమ్మాయి కూడా టక్కున చెబుతుంది, "పైన, బయటివైపు పావు భాగంలో మేడమ్" అని. జవాబు సరైనదే. "మరి దేన్ని నాలుగు పావులు చేశావమ్మా?" అని అడిగితే మాత్రం చేయి నేరుగా మెత్తగా ఉబ్బెత్తుగా కనిపించే చోటికి పోతుంది. తప్పు అక్కడే మొదలవుతుంది. పిరుదు భాగం అంటే కంటికి కనిపించే ఆ ఉబ్బు ఒక్కటే కాదు. అది పైన నడుము ఎముక అంచు దగ్గర మొదలై కింద పిరుదు మడత దగ్గర ముగుస్తుంది, పక్కకు తుంటి దాకా వస్తుంది. ఆ ఉబ్బును మాత్రమే నాలుగు భాగాలు చేస్తే, మీరు పైన, బయట అనుకున్న చోటు నిజానికి కిందికి, మధ్యలోకి జరిగిపోతుంది. అక్కడ కండ కిందే సయాటిక్ నరం ఉంది.

తిరుపతిలో నర్సింగ్ పిల్లలకు అనాటమీ చెబుతూ ఈ ఒక్క విషయం మీద ఎక్కువ సమయం పెడతాను. ఎంబీబీఎస్ చదివేవాళ్లు డిసెక్షన్ హాల్లో ఆ కండను కోసి పక్కకు మడిచి, కింద నరాన్ని కళ్లారా చూస్తారు. రోజూ సూదులు వేసే నర్సులు, ఏఎన్‌ఎమ్‌లలో ఎక్కువమందికి ఆ అవకాశం రాదు. అందుకే చర్మం మీద నుంచే నరం దారిని వేళ్లతో పట్టుకోవడం వాళ్లకు ఇంకా అవసరం. కింద చెప్పేది సూది వేయడం నేర్చుకున్నవాళ్ల కోసం. సూది వేయించుకునేవాళ్లు చదివితే, తమకు ఎక్కడ వేయాలో చూసుకోవచ్చు. అంతేగానీ ఇంట్లో ప్రయత్నించకండి.

మొదట లోపల ఏముందో మనసులో గీసుకోండి

పైనుంచి లోపలికి వెళదాం. చర్మం, దాని కింద కొవ్వు, ఆ తర్వాత గ్లూటియస్ మాగ్జిమస్. పిరుదుకు ఆ ఆకారం ఇచ్చేది కొవ్వుతో పాటు ఈ పెద్ద కండే. మెట్లెక్కేటప్పుడు, కూర్చున్న చోటు నుంచి లేచేటప్పుడు పనిచేసేది ఇదే. అలిపిరి మెట్లు ఎక్కిన మర్నాడు కూర్చోవాలంటే ఎక్కడ నొప్పి పుడుతుందో గుర్తు తెచ్చుకుంటే ఈ కండ ఎక్కడుందో ఎవరూ చెప్పక్కర్లేదు.

గ్లూటియస్ మాగ్జిమస్ పిరుదు మొత్తాన్ని కప్పదు. పైన, పక్కవైపు దాని అంచు దాటాక గ్లూటియస్ మీడియస్ బయటికి కనిపిస్తుంది, దాని కింద గ్లూటియస్ మినిమస్ ఉంటుంది. ఒంటికాలి మీద నిలబడినప్పుడు నడుము రెండో వైపుకు వాలిపోకుండా పట్టి ఉంచేవి ఈ రెండే. మనకు కావలసిన సురక్షితమైన చోటు వీటి మీదే ఉంది.

మాగ్జిమస్ కింద వెనకవైపు చిన్న కండలు అడ్డంగా పేర్చినట్టు ఉంటాయి. వాటిలో ఒకదాని పేరు గుర్తుంచుకుంటే చాలు: పిరిఫార్మిస్. లోపలి దారంతా దీన్ని బట్టే అర్థమవుతుంది. దీని పై అంచు దగ్గర సుపీరియర్ గ్లూటియల్ నరం, రక్తనాళాలు బయటికి వచ్చి మీడియస్, మినిమస్‌ల మధ్యకు వెళతాయి. కింది అంచు దగ్గర సయాటిక్ నరం బయటికి వస్తుంది. ఎక్కువమందిలో ఇలాగే ఉంటుంది. కొందరిలో మాత్రం నరంలో ఒక పాయ పిరిఫార్మిస్‌ను చీల్చుకుని వస్తుంది. కాబట్టి పుస్తకంలో బొమ్మ చూసి అంగుళం లెక్కలు వేసుకుని నరానికి దగ్గరగా వెళ్లడం ఎప్పుడూ మంచిది కాదు.

సయాటిక్ నరం ఒంట్లో అన్నింటికంటే లావైన నరం. వెన్నుపాము నుంచి వచ్చే ఎల్ 4, ఎల్ 5, ఎస్ 1, ఎస్ 2, ఎస్ 3 నరాలు కలిసి ఇది తయారవుతుంది. పిరుదు దగ్గర దాదాపు 2 సెం.మీ. వెడల్పు, అంటే మీ బొటనవేలంత ఉంటుంది. ఒకే తొడుగులో నిజానికి రెండు నరాలు కలిసి ప్రయాణిస్తాయి: లోపలివైపు టిబియల్, బయటివైపు కామన్ పెరోనియల్. పాదాన్ని, వేళ్లను పైకి ఎత్తే పని పెరోనియల్‌ది. అది బయటి పక్కన ఉండటం, దాని చుట్టూ మెత్తటి కణజాలం తక్కువగా ఉండటం వల్ల సూది దెబ్బకు ముందు దొరికేది అదే. సూది తర్వాత పాదం జారిపోయే కేసులు ఎందుకు ఎక్కువో దీన్ని బట్టి అర్థమవుతుంది.

ఇప్పుడు ఎముకలు పట్టుకోండి

ఒక స్నేహితురాలిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, చెరిగిపోయే మార్కర్ పెన్ను దగ్గర పెట్టుకోండి. నాలుగు గుర్తులు కావాలి.

మొదటిది నడుము మీద చేతులు పెట్టుకున్నప్పుడు వేళ్లకు తగిలే ఎముక అంచు, ఇలియక్ క్రెస్ట్. దాని వెంబడి ముందుకు వస్తే పొత్తికడుపు పక్కన ఒక మొన తగులుతుంది. అది యాంటీరియర్ సుపీరియర్ ఇలియక్ స్పైన్. ఇక్కడి నుంచి ముందు మొన అందాం. రెండోది వెనక మొన, అదే అంచు వెంబడి వెనక్కి వెళితే నడుము కింద చిన్న గుంట పడే చోట ఉంటుంది. మూడోది తొడ పైన బయటివైపు తగిలే గట్టి ఎముక, గ్రేటర్ ట్రొకాంటర్. అది దొరకకపోతే కాలిని మోకాలి దగ్గర పట్టుకుని లోపలికి, బయటికి తిప్పించండి. మీ అరచేతి కింద కదిలేది అదే. నాలుగోది ఇస్కియల్ ట్యూబరాసిటీ, గట్టి బెంచీ మీద కూర్చుంటే ఒత్తుకునే ఎముక.

ఇక నరం దారి గీయండి. వెనక మొన నుంచి కూర్చునే ఎముక దాకా టేపుతో కొలవండి. 14 సెం.మీ. వచ్చిందనుకుందాం. సగం, అంటే 7 సెం.మీ. దగ్గర చుక్క పెట్టి, దాని నుంచి 2.5 సెం.మీ. బయటికి జరిగి ఇంకో చుక్క పెట్టండి. నరం పిరుదులోకి అడుగుపెట్టే చోటు దాదాపుగా ఇదే. తర్వాత కూర్చునే ఎముకకూ ట్రొకాంటర్‌కూ మధ్య సగం దూరం చూసి, దానికి కాస్త లోపలివైపు మూడో చుక్క పెట్టండి. చివరి రెండు చుక్కలనూ బయటివైపు కొంచెం వంపుగా కలిపి, అక్కడి నుంచి తొడ వెనక మధ్యగా కిందికి గీత లాగండి. అదే సయాటిక్ నరం వెళ్లే దారి.

గీత పూర్తయ్యాక ఒక్కసారి దూరంగా జరిగి చూడండి. ఇన్నాళ్లూ సూది వేసే చోటని అనుకున్న మెత్తటి ఉబ్బు మధ్య భాగం సరిగ్గా ఆ గీత మీదే ఉంటుంది. నా క్లాసులో పిల్లలు నిశ్శబ్దమైపోయేది ఇక్కడే. పాఠంలో ఏది మరిచిపోయినా ఇది మాత్రం మరిచిపోరు.

సూదికి చోటు ఎంచుకోవడం

రెండు చోట్లు ఉన్నాయి. పాతది, అందరికీ అలవాటైనది పిరుదు వెనక భాగం, డార్సోగ్లూటియల్. రెండోది తుంటి పక్క భాగం, వెంట్రోగ్లూటియల్. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: పెద్దవాళ్లకు తుంటి పక్కనే వేయండి. అక్కడ సయాటిక్ నరం చాలా దూరంలో ఉంటుంది, పెద్ద రక్తనాళమేదీ దగ్గర్లో ఉండదు, కింద మీడియస్, మినిమస్ రెండూ కలిసి మందంగా దొరుకుతాయి. పిరుదు వెనక కంటే అక్కడ కొవ్వు పొర సాధారణంగా పలచగా ఉంటుంది కాబట్టి మందు కొవ్వులో ఉండిపోకుండా కండలోకి చేరుతుంది.

ఆడవాళ్లకు ఇందులో ఇంకో సౌకర్యం ఉంది. పిరుదు వెనక సరైన చోటు కనిపించాలంటే బట్ట బాగా కిందికి దించాలి. ఓపీలో పదిమంది ఉన్నచోట ఏ అమ్మ ఒప్పుకుంటుంది? పావడా బొందు కొద్దిగా వదులు చేసి, చీర రెండంగుళాలు దించి, అక్కడ వేయించుకుని వెళ్లిపోతారు. కనిపించిన ఆ కొద్ది చోటులోనే నర్సు పావు భాగాలు ఊహించుకోవాలి. తుంటి పక్కన అయితే బొందు వదులు చేసి ఒక పక్క మాత్రం జరిపితే చాలు.

చోటు పట్టే పద్ధతి ఇది. మీరు కుడిచేతి వాటం వాళ్లయితే రోగి కుడి తుంటిని ఎంచుకోండి. ఎడమ పక్కకు తిరిగి పడుకోమని, పైనున్న కుడి మోకాలిని కొంచెం వంచమని చెప్పండి. మీ ఎడమ అరచేతి మడమను ట్రొకాంటర్ మీద ఆనించండి. వేళ్లు రోగి తలవైపు, బొటనవేలు గజ్జల వైపు ఉండాలి. చూపుడు వేలిని ముందు మొన మీద పెట్టండి. మధ్యవేలిని ఎముక అంచు వెంబడి వీలైనంత వెనక్కి చాచండి. ఆ రెండు వేళ్ల మధ్య ఏర్పడిన త్రికోణం నడిబొడ్డే సూది దిగాల్సిన చోటు. ఇలా ఎడమ చేయి గుర్తు పడితే కుడి చేయి సిరంజికి ఖాళీగా ఉంటుంది. ఎడమ తుంటికి వేయాల్సి వస్తే గుర్తు కుడిచేత్తో పట్టాలి. అప్పుడు చోటు పట్టుకున్నాక చర్మం మీద గోటితో గుర్తు పెట్టి చేతులు మార్చుకోవాలి.

మీ చేయి చిన్నదై, రోగి భారీగా ఉంటే చూపుడు వేలు ముందు మొనకు అందదు. అప్పుడు అరచేతిని ట్రొకాంటర్ నుంచి కొంచెం పైకి జరపండి. చూపుడు వేలు మాత్రం ముందు మొన మీదే ఉండాలి.

సరిచూసుకోవడానికి ఒక సులువు ఉంది. "పైకాలు కొంచెం పైకెత్తమ్మా" అనండి. మీ వేళ్ల మధ్య కండ గట్టిపడితే మీరు మీడియస్ మీద ఉన్నట్టే. ఏమీ గట్టిపడకపోతే చేయి తీసి మళ్లీ మొదటి నుంచి వెతకండి. సూది దించే ముందు ఆ కాలు మళ్లీ వదులుగా ఉండాలి.

ఏదైనా కారణంతో పిరుదు వెనకే వేయక తప్పకపోతే, ఉబ్బును నాలుగు పావులు చేసే పని మానేయండి. వెనక మొన నుంచి ట్రొకాంటర్ దాకా ఒక గీత ఊహించి, ఆ గీతకు పైన, బయటివైపు మాత్రమే వేయండి. నరం ఆ గీతకు కింద ఉంటుంది. అయినా ఇక్కడ సుపీరియర్ గ్లూటియల్ రక్తనాళాల కొమ్మలు ఉంటాయి కాబట్టి ప్రమాదం పూర్తిగా తొలగిపోదు.

పసిపిల్లలకు ఈ రెండు చోట్లూ ఎంచుకోకండి. నడక రాని బిడ్డకు పిరుదు కండ ఎదగదు, నరం చర్మానికి దగ్గరగా ఉంటుంది. వాళ్లకు తొడ ముందు, బయటివైపు మధ్య భాగమే చోటు. టీకాలు పెద్దవాళ్లకు కూడా పిరుదుకు వేయరు. కుక్క కరిచినప్పుడు వేసే రేబిస్ టీకాను కండకు ఇస్తే భుజానికే ఇవ్వాలి, పిరుదు కొవ్వులోకి పోతే అది సరిగా పనిచేయదు.

ఒక కేసు చూద్దాం

చంద్రగిరి పక్క ఊరి నుంచి ఒక పెద్దామె వచ్చిందనుకుందాం. అరవై దాటిన వయసు, 42 కిలోల బరువు, టమోటా కోతల్లో వంగి వంగి నడుం పట్టేసింది. డాక్టరు డైక్లోఫెనాక్ 75 మి.గ్రా. రాశారు. ఆమె బల్ల పట్టుకుని నిలబడి, "ఇక్కడే వేసెయ్ సిస్టరమ్మా, బస్సుకు టైమైంది" అంటుంది.

నిలబడితే రెండు నష్టాలు. కండ బిగుసుకుంటుంది, ఆమె ఉలిక్కిపడి కదిలితే సూది దిశ మారిపోతుంది. పైగా ఈమె సన్నగా ఉంది. మాగ్జిమస్ వయసుతో పలచబడింది, కొవ్వు లేదు. లావుగా ఉన్న మనిషికి సరిపోయే ఒకటిన్నర అంగుళం సూదిని ఆ మెత్తటి చోట పూర్తిగా దించితే నరం దాకా చేరగలదు. ఇలాంటివాళ్లే ఎక్కువగా దెబ్బతినేది.

కాబట్టి ముందు, "రెండు నిమిషాలే పెద్దమ్మా, పడుకో" అని పడుకోబెట్టండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతోందా, ఇంతకుముందు ఈ సూదికి ఏమైనా అయిందా అడగండి. వాల్వు ఆపరేషన్ చేయించుకుని వార్ఫరిన్ వాడేవాళ్లు మన దగ్గర తక్కువేమీ కాదు. ఆ మాట వింటే సూది పక్కన పెట్టి డాక్టరును అడగాలి. నిజానికి మామూలు నడుం నొప్పికి మాత్ర సరిపోతుందేమో అని కూడా అడగవచ్చు. సూది పడితేనే నొప్పి పోతుందన్న నమ్మకం మన పల్లెల్లో గట్టిగా ఉంది గానీ, మాత్ర మింగగలిగినవాళ్లకు చాలాసార్లు మాత్రే చాలు.

సూదే వేయాలన్నారు. మామూలు ఆంపూల్‌లో 75 మి.గ్రా. మందు 3 మి.లీ.లో ఉంటుంది. 1 మి.లీ.లోనే అంత మందు వచ్చే రకం కూడా దొరుకుతుంది. ఇంత సన్నని కండకు అది ఉంటే మేలు, డాక్టరుకు చెప్పి అది తీసుకోండి. సూది 23 గేజ్, ఒక అంగుళం పొడవు. బాగా కండ, కొవ్వు ఉన్నవాళ్లకైతే ఒకటిన్నర అంగుళం కావాలి.

చోటు పట్టి, స్పిరిట్ దూదితో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. ఎడమచేతి అంచుతో చర్మాన్ని పక్కకు రెండు, మూడు సెం.మీ. లాగి పట్టుకోండి. దీన్నే జెడ్ ట్రాక్ అంటారు. సూది తీశాక చర్మం వెనక్కి జరిగి దారి మూసుకుపోతుంది, మందు పైకి కారి కొవ్వులోకి రాదు. సూదిని 90 డిగ్రీల్లో నిటారుగా, ఒక్క ఊపులో దించండి. ప్లంజర్‌ను 5 నుంచి 10 సెకన్లు వెనక్కి లాగి చూడండి. రక్తం వస్తే సూది తీసేసి, కొత్త సూది, కొత్త మందుతో మళ్లీ మొదలు పెట్టాలి. డైక్లోఫెనాక్ రక్తనాళంలోకి పోతే ఆ చుట్టూ చర్మం నల్లబడి చచ్చిపోయే ప్రమాదం ఉంది. రక్తం రాకపోతే 1 మి.లీ.కి 10 సెకన్ల చొప్పున నెమ్మదిగా ఎక్కించండి. అయ్యాక ఇంకో 10 సెకన్లు ఆగి, సూది నేరుగా బయటికి తీసి, చర్మం వదిలేయండి. రుద్దవద్దు, దూదితో అదిమితే చాలు.

రుమాటిక్ గుండె జబ్బుకు మూడు వారాలకోసారి బెంజథీన్ పెన్సిలిన్ వేయించుకునేవాళ్లకూ చోటు ఇదే. ఆ మందు చిక్కగా ఉండి సన్నని సూదిలో అడ్డం పడుతుంది కాబట్టి 21 గేజ్ పెట్టుకోండి, ఈసారి కుడి అయితే వచ్చేసారి ఎడమ తుంటికి వేయండి. ఏళ్ల తరబడి వేయించుకునే పిల్లలు వీళ్లు. ఒకేచోట పొడిస్తే కండ గట్టిపడి, తర్వాత్తర్వాత రావడమే మానేస్తారు.

నరానికి తగిలితే ఎలా తెలుస్తుంది

సూది దిగిన క్షణంలోనో, మందు ఎక్కుతున్నప్పుడో రోగి "కాల్లోకి కరెంటు కొట్టినట్టు లాగింది" అంటే, ఆ మాట పూర్తయ్యేలోపే ఆపండి. మిగిలిన మందు ఎక్కించవద్దు, సూదిని లోపలే అటూ ఇటూ కదపవద్దు, నేరుగా బయటికి తీసేయండి. మామూలు నొప్పి సూది దిగిన చోటే ఉంటుంది. నరం నొప్పి తొడ వెనక నుంచి పిక్కలోకి, పాదంలోకి పాకుతుంది. ఈ తేడా ఒక్కటి తెలిస్తే సగం గుర్తుపట్టినట్టే. చీము గడ్డ అయితే ఆ క్షణంలో ఏమీ ఉండదు, కొన్ని రోజుల తర్వాత వాపు, వేడి, జ్వరం మొదలవుతాయి.

వెంటనే పాదం చూడండి. బొటనవేలు పైకి లేపమనండి, పాదం మొత్తం పైకి ఎత్తమనండి, లేవగలిగితే మడమల మీద నాలుగు అడుగులు వేయమనండి. ఎత్తలేకపోతే పెరోనియల్ పాయ దెబ్బతింది. మొదటి రెండు కాలివేళ్ల మధ్య తాకి, రెండో పాదంతో పోల్చి స్పర్శ ఎలా ఉందో అడగండి. తర్వాత మునివేళ్ల మీద నిలబడమనండి, అరికాలు తాకి చూడండి. అది టిబియల్ పాయ సంగతి చెబుతుంది. కొందరిలో బలహీనత అప్పటికప్పుడు కాకుండా తర్వాత బయటపడుతుంది కాబట్టి, ఆ రోజు బాగానే ఉన్నా మర్నాడు మళ్లీ చూడాలి.

డాక్టరుకు అప్పుడే చెప్పండి. ఏ మందు, ఎంత, ఏ వైపు, ఎంత పొడవు సూది, ఎన్ని గంటలకు, రోగి ఏమంది అన్నీ రాయండి. మందు పేరు ముఖ్యం, ఎందుకంటే కొన్ని మందులు నరం లోపలికి పోతే సూది మొన చేసిన గాయం కంటే ఎక్కువ హాని చేస్తాయి. పాదం జారిపోతే పుత్తూరు కట్టుకు తీసుకెళదాం అని ఇంట్లోవాళ్లు అనడం సహజం. ఆ కట్టు విరిగిన ఎముకల కోసం. ఇది నరం జబ్బు, న్యూరాలజీ డాక్టరు చూడాలి, తిరుపతిలో స్విమ్స్‌లో ఆ విభాగం ఉంది. పాదం కిందికి వేలాడి మడమ వెనక స్నాయువు బిగుసుకుపోకుండా స్ప్లింట్, ఫిజియోథెరపీ మొదటి రోజుల్లోనే మొదలుపెట్టాలి. నరం ఎంత దెబ్బతిందో చెప్పే నర్వ్ కండక్షన్, ఈఎంజీ పరీక్షలు దాదాపు మూడు వారాల తర్వాత స్పష్టంగా తెలుస్తాయి. వారం లోపు చేయించి, బాగానే ఉందని సంతోషపడకూడదు.

కోలుకోవడానికి ఎంతకాలం పడుతుందని ఇంట్లోవాళ్లు అడుగుతారు. నరం నలిగిందే గానీ లోపలి తంతువులు తెగకపోతే వారాల్లో, కొన్ని నెలల్లో తేరుకోవచ్చు. తంతువులు తెగితే అవి రోజుకు సుమారు 1 మి.మీ. చొప్పున పెరుగుతాయి. పిరుదు నుంచి పాదాన్ని ఎత్తే కండ దాకా అర మీటరు దూరం అనుకుంటే 500 రోజులు, అంటే ఏడాది మీద నాలుగైదు నెలలు. అంతసేపటికి కండ సన్నబడిపోతే తిరిగి పూర్తి బలం రాకపోవచ్చు కూడా. ఈ లెక్క ముందే చెప్పండి. నెలకోసారి పిక్క చుట్టుకొలత, బొటనవేలు ఎంత లేస్తోందో రాసి పెట్టమనండి. మూడు, నాలుగు నెలలైనా కదలిక మొదలుకాకపోతే నరాల సర్జన్‌కు చూపించే సమయం వచ్చినట్టు.